బస్సుకు ఉకారం, బెంచికి ఇకారం ఎలా వచ్చాయి?

గోడకు వేలాడే తెలుగు క్యాలెండరులో నెలల పేర్లు వరసగా చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. జనవరి, ఫిబ్రవరి, మే, జులై ఇంగ్లీషులోనే అచ్చుతో ముగుస్తాయి కాబట్టి వాటి చివర ఎవరూ చెయ్యి పెట్టలేదు. మిగిలినవాటిలో ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు చివర ‘ఉ’ చేరింది. మార్చికి మాత్రం ‘ఇ’ చేరింది. ‘ఆగస్టి’ అని ఎవరూ అనరు, మూడో నెలను ‘మార్చు’ అనీ అనరు. మార్చు అంటే తెలుగులో వేరే అర్థం ఉంది కదా, అందుకేనేమో అనుకుందామంటే, బెంచికి ఆ ఇబ్బంది లేదు. ‘బెంచు’ అనే మాటకు తెలుగులో వేరే అర్థమేమీ లేదు. అయినా అది బెంచి అయింది. జడ్జి, బ్రిడ్జి, లాడ్జి, బ్రాంచి, స్టేజి అన్నీ అదే దారి పట్టాయి.

ఈ అచ్చులను ఏ బడిలోనూ నేర్పలేదు, ఏ సంఘమూ తీర్మానించలేదు. ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఏ మాటకు ఏది చేర్చాలో తడుముకోకుండా చేర్చారు. అంటే తెలుగు మాట్లాడేవాళ్ల నాలుక మీద ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఏమిటో విప్పి చూడడమే ఈ వ్యాసం పని.

తెలుగును అజంత భాష అంటారు. అచ్ అంటే అచ్చు, అంతం అంటే చివర. అచ్చ తెలుగు నామవాచకాలు దాదాపు అన్నీ అచ్చుతోనో, బెల్లం, గుర్రం లాంటి మాటల్లోలా సున్నతోనో ముగుస్తాయి. ఇంగ్లీషులో ఇలాంటి పట్టింపు లేదు. బస్, కప్, బుక్ అని హల్లు దగ్గరే మాట ఆగిపోతుంది. అలా ఆగిన మాటకు తెలుగు ఒక అచ్చును ఊతంగా ఇస్తుంది. సాధారణంగా ఆ అచ్చు ‘ఉ’. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తెలియనిది, అచ్చు చేరేటప్పుడు మాట లోపల ఇంకా ఏం జరుగుతుందన్నది.

బస్ అనే మాటకు ఊరికే ‘ఉ’ చేర్చితే ‘బసు’ కావాలి. కానీ అది బస్సు అయింది. పెన్ పెన్ను అయింది, కప్ కప్పు అయింది, జగ్ జగ్గు అయింది, బిల్ బిల్లు అయింది. చివరి హల్లు రెట్టింపైంది. అదే కారు, గేటు, ఫోను, కోటు, రూము, లైటు దగ్గరికి వస్తే హల్లు రెట్టింపు కాలేదు. ‘గేట్టు’ అని ఎవరూ అనరు. కోర్టు, బల్బు, బ్యాంకు, బోర్డు లాంటి చోట్ల కూడా కొత్తగా ఏదీ రెట్టించలేదు.

ఛందస్సు చదువుకున్నవాళ్లకు ఇక్కడ ఒక పాత నేస్తం ఎదురవుతుంది. ఈ మాటలన్నింటికీ గురులఘువులు వేసి చూడండి. కారులో ‘కా’ దీర్ఘం కాబట్టి గురువు, ‘రు’ లఘువు. కోర్టులో మొదటిది గురువు, రెండోది లఘువు. బ్యాంకు, లైటు, బల్బు అన్నీ అంతే. బస్సులో ‘బ’ హ్రస్వమే అయినా తర్వాత ద్విత్వం ఉంది కాబట్టి అది గురువైంది, ‘స్సు’ లఘువు. అన్నింటికీ ఒకటే నడక, గురువు తర్వాత లఘువు. ఆటవెలదిలో, తేటగీతిలో సూర్యగణంగా వచ్చే గలం, అంటే హగణం, ఇదే.

ద్విత్వం ఎందుకు వచ్చిందో ఇప్పుడు తేలికగా చెప్పవచ్చు. ఇంగ్లీషులో బస్ ఒకే ఒక అక్షరం, హల్లుతో మూసుకున్న బరువైన అక్షరం. ‘బసు’ అంటే ఆ బరువు పోయి రెండు లఘువులు మిగులుతాయి. హల్లును రెట్టించడం వల్ల ఒక సగం మొదటి అక్షరాన్ని మూసి దాని బరువును కాపాడుతుంది, రెండో సగం కొత్తగా వచ్చిన ‘ఉ’ను మోస్తుంది. కారు, గేటులలో దీర్ఘమే ఆ బరువు మోస్తోంది కాబట్టి ద్విత్వంతో పని లేదు. కోర్టు, బల్బులలో ముందు నుంచీ రెండు హల్లులు ఉన్నాయి కాబట్టి అక్కడా పని లేదు. రెండు వేరువేరు సూత్రాలుగా కనిపించేది నిజానికి ఒకటే సూత్రం. మొదటి అక్షరం గురువుగా వచ్చింది, గురువుగానే ఉండాలి.

ఈ నడక మన సొంత మాటలదే. కన్ను, ముక్కు, చెట్టు, గుడ్డు, ఉప్పు, పప్పు ఒక వైపు; కాలు, ఊరు, పేరు, తాడు ఇంకో వైపు. హ్రస్వం ఉన్నచోట ద్విత్వం, దీర్ఘం ఉన్నచోట ఒంటి హల్లు. కను, విను, తిను, పడు లాంటి రెండు లఘువుల మాటలు లేకపోలేదు, కానీ అవి క్రియలు. కను అంటే చూడు, కన్ను అంటే చూసే అవయవం. పెన్ అనే వస్తువు పేరు తెలుగులోకి వచ్చినప్పుడు ‘తిను’ పక్కన కాకుండా ‘కన్ను’ పక్కన చేరడం సహజం.

రోడ్డు ఒక్కటి ఈ లెక్కకు లొంగదు. లోడ్ అనేది లోడు అయింది కానీ, రోడ్ మాత్రం రోడ్డు అయింది. దీర్ఘం ఉండగా ద్విత్వం కూడా వచ్చింది. ఇది వాడుక పెట్టిన మినహాయింపు. ఇలాంటిది తెలుగులో ఇదే మొదటిది కూడా కాదు. సంస్కృతంలో వాక్ అనే మాటలో దీర్ఘం ఉంది, అయినా తెలుగులో అది వాక్కు.

సంస్కృతం ప్రస్తావన ఇక్కడ ఊరికే రాలేదు. బస్సుకు జరిగింది అంతకుముందు ఎన్నో వందల ఏళ్ల క్రితమే మనస్సుకు జరిగింది. సంస్కృతంలో మనస్, తపస్, తేజస్, సరస్ హల్లుతో ముగిసే మాటలు. తెలుగులో అవి మనస్సు, తపస్సు, తేజస్సు, సరస్సు అయ్యాయి. దిక్ దిక్కు అయింది, విద్యుత్ విద్యుత్తు అయింది, జగత్ జగత్తు అయింది. ఆ తర్వాత అరబ్బీ, పారసీ మాటలు వచ్చాయి. హక్ హక్కు అయింది. బజార్ బజారు, జవాబ్ జవాబు, సవాల్ సవాలు అయ్యాయి. హక్కులో హ్రస్వం, కాబట్టి ద్విత్వం. బజారులో దీర్ఘం, కాబట్టి ఒంటి హల్లు. ఇంగ్లీషు మాట వచ్చేనాటికి ఈ దారి బాగా నలిగిన దారి. సి.పి. బ్రౌన్ తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు 1854లోనే ఒక ప్రత్యేక నిఘంటువు అచ్చు వేయించాడంటే, ఆ రాకపోకలు అప్పటికే ఎంత ఉన్నాయో ఊహించవచ్చు. బస్సును చూసి ఇంగ్లీషు రానివాళ్ల ఉచ్చారణ అని తీసిపారేసేవాళ్లు, తపస్సును కూడా సంస్కృతం రానివాళ్ల ఉచ్చారణ అనాల్సి ఉంటుంది.

మాట ఒక అక్షరం కంటే పెద్దదైనప్పుడు ఈ పట్టు కొంచెం సడలుతుంది. మనస్సుతో పాటు మనసు కూడా వాడుకలో ఉంది, వయస్సుతో పాటు వయసు కూడా. ఇంగ్లీషు మాటల్లో టికెట్టు, మార్కెట్టు, ప్యాకెట్టు ద్విత్వం తీసుకున్నాయి. డాక్టరు, నంబరు, హోటలు, స్టేషను తీసుకోలేదు. మాట చివర ర, ల, న ఉంటే, వాటి ముందు అచ్చు తేలికగా పలికేదైతే, ద్విత్వం రాదు. చిగురు, వెదురు, కబురు పక్కన డాక్టరు చక్కగా ఒదిగిపోయింది.

ఇప్పుడు మార్చి దగ్గరికి, బెంచి దగ్గరికి వద్దాం. దీనికి జవాబు పుస్తకంలో కంటే నోట్లో త్వరగా దొరుకుతుంది. ‘మంచి’ అని ఒకసారి, ‘మంచు’ అని ఒకసారి పైకి పలికి చూడండి. రాతలో రెండింట్లోనూ ‘చ’ ఒకటే. పలికేటప్పుడు ఒకటి కాదు. ‘మంచి’లో నాలుక మధ్యభాగం అంగిలికి తగులుతుంది. ‘మంచు’లో నాలుక కొన పళ్ల వెనక్కి వస్తుంది, ‘త్స’కు దగ్గరగా వినిపిస్తుంది. కంచి, కంచు అన్నా ఇదే తేడా. మొదటిది తాలవ్యం, రెండోది దంత్యం. ‘జ’కు కూడా ఇలాగే రెండు పలుకులున్నాయి. పాత వ్యాకరణాల్లో, నిఘంటువుల్లో దంత్యాలను వేరుగా చూపడానికి ౘ, ౙ అని గుర్తులు వాడేవారు. ఇప్పటి పుస్తకాల్లో అవి దాదాపు కనిపించవు, అవసరమూ పెద్దగా పడదు. ఎందుకంటే తెలుగు మాటల్లో పక్కన ఉన్న అచ్చే పలుకును చెప్పేస్తుంది. ఇ, ఎ ఉంటే తాలవ్యం. అ, ఉ, ఒ ఉంటే దంత్యం. ప్రాంతాన్ని బట్టి కొంత తేడా ఉన్నా మొత్తం మీద లెక్క ఇదే.

ఇంగ్లీషులో బెంచ్ చివర ఉన్నది తాలవ్యం. దానికి మామూలుగా ‘ఉ’ చేర్చి బెంచు అంటే, అది కంచు, మంచు, అంచుల వరసలో పడి ‘బెంత్సు’లా మారిపోతుంది. మాట గుర్తు పట్టలేనంతగా దూరమవుతుంది. ‘ఇ’ చేర్చితే ఆ ఇబ్బంది లేదు, ‘మంచి’లోని పలుకే వస్తుంది. పైగా తాలవ్యం పలికేటప్పుడు నాలుక ఎలాగూ ‘ఇ’ పలికే చోటికి దగ్గరలోనే ఉంటుంది. అందుకే మార్చి, బెంచి, బ్రాంచి, జడ్జి, కాలేజి, పేజి.

దీనికి గట్టి సాక్ష్యం ఫీజు. ఇంగ్లీషులో ఫీజు చివరి ధ్వని జడ్జిలో ఉన్న ‘జ’ కాదు, పళ్ల దగ్గర బుసకొట్టినట్టు పలికే ధ్వని. సైజు, ఫ్యూజులలో ఉన్నదీ అదే. ఆ ధ్వని తెలుగులో లేదు. ఉన్నవాటిలో దానికి దగ్గరి చుట్టం దంత్యమైన ౙ. ఆ ౙ రావాలంటే పక్కన ‘ఉ’ ఉండాలి. కాబట్టి ఫీజు, సైజు, ఫ్యూజు. పేజి అని, ఫీజు అని వెంటవెంటనే పలికితే నాలుక చోటు మారడం తెలిసిపోతుంది. రాసేటప్పుడు రెండింటికీ ఒకే ‘జ’ రాసినా, ఇంగ్లీషులో రెండూ వేరువేరు ధ్వనులన్న సంగతిని తెలుగు మరిచిపోలేదు. హల్లులో దాచలేని తేడాను అచ్చులో దాచుకుంది. (ఫీజు నిజానికి ఇంగ్లీషులో బహువచనం. ఆ సంగతి పట్టించుకోకుండా తెలుగు దాన్ని ఏకవచనం చేసుకుని, మళ్లీ ఫీజులు అని బహువచనం కట్టింది.)

‘ష’ సంగతి చూసినా ఇది నిజమేనని తెలుస్తుంది. బ్రష్, ఇంగ్లీష్ చివర ఉన్నదీ అంగిలి దగ్గర పుట్టే ధ్వనే. కేవలం నాలుక సౌకర్యమే కారణమైతే ఇవి కూడా ‘ఇ’ తీసుకోవాలి. కానీ బ్రష్షు, ఇంగ్లీషు అయ్యాయి. ‘ష’కు తెలుగులో రెండు పలుకులు లేవు, ‘ఉ’ చేర్చినా దానికి వచ్చే నష్టమేమీ లేదు. నష్టం ఉన్నచోటే ‘ఇ’ వచ్చింది.

మినహాయింపులు ఇక్కడా ఉన్నాయి. స్విచ్చి అనేవాళ్లు ఉన్నారు, స్విచ్చు అనేవాళ్లూ ఉన్నారు. ఉర్దూ మీదుగా వచ్చిన ఖర్చు ‘ఉ’నే తీసుకుంది, తీసుకుని దంత్యంగా మారిపోయింది కూడా.

అచ్చు చేరడం ఉచ్చారణతో ఆగే పని కాదు. ఆ అచ్చు పట్టుకునే మాట తెలుగు వ్యాకరణంలోకి అడుగు పెడుతుంది. ఈ వాక్యం చూడండి: “బస్సెక్కాక టికెట్లకు నోట్లిచ్చి సీట్లో కూర్చున్నారు.” ఇందులో నాలుగు ఇంగ్లీషు మాటలున్నాయి. నాలుగింటికీ ‘ఉ’ చేరింది, కానీ వాక్యంలో ఒక్క చోట కూడా ఆ చేరిన ‘ఉ’ కనిపించదు. బస్సు, ఎక్కాక కలిసి బస్సెక్కాక అయింది. చెట్టెక్కాక అన్నప్పుడు జరిగే ఉత్వసంధే ఇది. టికెట్టుకు ‘లు’ చేరితే టికెట్లు, చెట్టు చెట్లు అయినట్టే. నోటు నోట్లు అయి, ఆ ‘లు’లోని ఉకారం ‘ఇచ్చి’ ముందు మళ్లీ పోయింది. సీటులో అనేది సీట్లో అయింది. చేరిన అచ్చు ఎక్కడ ఉండాలో, ఎక్కడ పోవాలో కూడా తెలుగు ‘ఉ’లాగే నడుచుకుంటోంది. ద్విత్వం మాత్రం దాని గుర్తుగా మిగిలింది. అచ్చు ఎప్పుడూ చేరకపోయి ఉంటే ‘బసెక్కాక’ అని ఉండేది. కిరోసిన్, ఆయిల్ కలిసి కిరసనాయిలు అయినప్పుడు చివర చేరిన ఉకారం కూడా ఇలాంటి కలుపుగోలుదే.

అన్నింటికంటే ముచ్చటైనది ‘ల’తో ముగిసే మాటల బహువచనం. కాలు కాళ్లు అవుతుంది, వేలు వేళ్లు అవుతుంది. స్కూలు స్కూళ్లు అయింది. ఫైలు ఫైళ్లు, మైలు మైళ్లు, హోటలు హోటళ్లు, సైకిలు సైకిళ్లు, రైలు రైళ్లు. ఇంగ్లీషులో ‘ళ’కారమే లేదు. పరాయి మాట నోట ఆ భాషలో లేని హల్లు పలికించగలిగిందంటే, ఆ మాట అతిథిగా కాదు, ఇంటి మనిషిగా కుదురుకుందన్నమాట.

ఇంటి మనిషే అయినా పాత చుట్టాలకున్న చనువులన్నీ దానికి దక్కలేదు. కన్ను ‘కంట్లో’ అవుతుంది, పన్ను ‘పంటి నొప్పి’ అవుతుంది, ఇల్లు ‘ఇంట్లో’ అవుతుంది. పెన్ను మాత్రం పెన్నులోనే, బిల్లు బిల్లులోనే. కంటికి, పంటికి ఉన్న పాత మార్పులు కొత్తగా వచ్చినవాటికి అంటవు. ఇకారంతో వచ్చిన మాటలు ఇంకో చోట పక్కకు తప్పుకున్నాయి. కత్తి బహువచనంలో కత్తులు అవుతుంది, పిల్లి పిల్లులు అవుతుంది. ఆ లెక్కన జడ్జి జడ్జులు, బెంచి బెంచులు కావాలి. అలా అయితే ఇంత జాగ్రత్తగా కాపాడుకున్న తాలవ్యం బహువచనంలో పోతుంది. అందుకే ఇక్కడ ఇకారాన్ని సాగదీశారు: జడ్జీలు, బెంచీలు, కాలేజీలు. దీర్ఘమైన ‘ఈ’ బహువచనంలో ఉకారంగా మారదు.

మాట మొదట్లో జరిగే మార్పులకు ఇంత పట్టు లేదు. స్కూలును ఇస్కూలు అనడం, గ్లాసును గలాసు అనడం, స్టేషనును టేసను అనడం పల్లెల్లో పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. ఇప్పటి వాడుకలో అచ్చ తెలుగు మాట సాధారణంగా జంట హల్లుతో మొదలుకాదు. అందుకని ముందు ఒక అచ్చు పెడతారు, లేదా మధ్యలో ఒకటి దూరుస్తారు, లేదా మొదటి హల్లును వదిలేస్తారు. సంస్కృత స్నానం తానం అయిందీ ఇలాగే. కానీ స్నానం, స్త్రీ, క్లేశం లాంటి మాటలు కూడా తెలుగులో స్థిరపడ్డాయి కాబట్టి, చదువుతో పాటు మొదటి జంట హల్లు పలకడం అలవాటైంది. ఇస్కూలు అన్నవాళ్లను చూసి నవ్వడం కూడా ఆ చదువుతోనే వచ్చింది. ఆ నవ్వు అన్యాయమైనది. ఇస్కూలులోని ‘ఇ’, స్కూలు చివరి ‘ఉ’ ఒకే అవసరంలోంచి పుట్టినవి. రెండోదాన్ని అందరూ పలుకుతారు కాబట్టి దానికి మర్యాద దక్కింది, అంతే.

ఇప్పుడు ఈ అచ్చులు చాలామంది రాతలోంచి తప్పుకుంటున్నాయి. బస్, కార్, టికెట్ అని పొల్లుతో రాయడం మామూలైంది. దీన్నిబట్టి పాత లెక్క చెరిగిపోయిందనుకోవడం తొందరపాటు. హిట్, ఫ్లాప్ అని పొల్లుతో రాసేవాళ్లే మాట్లాడేటప్పుడు “సినిమా హిట్టయింది”, “ఫ్లాపయింది” అంటారు. హిట్‌లో హ్రస్వం ఉంది కాబట్టి ‘ట’ రెట్టించింది. ఫ్లాప్‌లో దీర్ఘం ఉంది కాబట్టి ‘ప’ రెట్టించలేదు. ఫోన్ మిస్సయింది, పరీక్ష పాసయ్యాడు అన్నా అదే లెక్క. హిట్టు, మిస్సు అని విడిగా ఒక్కసారి కూడా పలకని కుర్రవాళ్ల నోట కూడా ఈ ద్విత్వం తప్పదు.

నిజంగా మారుతున్నది బహువచనం. మాల్ అనే మాటకు హాల్ అనే మాటకు పలుకులో మొదటి హల్లు తప్ప తేడా లేదు. సినిమా హాళ్లు అంటారు, షాపింగ్ మాల్స్ అంటారు. ముందు వచ్చినది తెలుగు ‘లు’ తీసుకుంది, వెనక వచ్చినది ఇంగ్లీషు బహువచనాన్ని వెంట తెచ్చుకుంది. దీనికంటే స్పష్టంగా, ఒకే మాట రెండుసార్లు తెలుగులోకి వచ్చిన సందర్భం ఒకటి ఉంది. సినిమా ఫిలింను డబ్బాల్లో పెట్టి థియేటరుకు పంపిన రోజుల్లో రీల్ అనే మాట రీలు అయింది, ఇన్ని రీళ్ల సినిమా అని లెక్క చెప్పేవారు. ఇప్పుడు అదే మాట ఫోను తెర మీదికి మళ్లీ వచ్చింది. ఈసారి అది రీల్స్. సినిమా రీళ్లను ఎవరూ రీల్స్ అనలేదు, ఫోనులో చూసేవాటిని రీళ్లు అనేవాళ్లు ఇంకా కనిపించడం లేదు. అయితే ఒక్కదాని గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం “ఆ రీలు చూశావా” అనే మాట అప్పుడే వినిపిస్తోంది.